గోడ గడియారం బొమ్మ వేసి అమ్మిన రీఛార్జబుల్ సెల్స్‌పై ఫిర్యాదు

విజయవాడ

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ 2700 ఎంఏహెచ్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్, వాటితో పాటు ఇచ్చిన ఛార్జర్. డబ్బు వాపసు, పెట్టె మీది ప్రచారం సవరణ కోరుతూ.

ఆర్యా,

డబుల్ ఎ సైజు పెన్సిల్ సెల్స్ నాలుగు, ఒక ఛార్జరు కలిపి మీరు అమ్ముతున్న సెట్ కొన్నాను. పెట్టె ముందు భాగాన గోడ గడియారం, టీవీ రిమోట్ బొమ్మలు ఉన్నాయి. పక్కన ‘ఒక్కసారి ఛార్జి చేస్తే నెలల తరబడి’ అని ఉంది. నా ఇంట్లో గోడ గడియారం పది రోజులు తిరగకుండానే ఆగిపోతోంది. సెట్ టాప్ బాక్స్ రిమోట్ అంతకన్నా కొంచెం నయం, అంతే. బిల్లు ప్రతి, పెట్టె ఫోటోలు జత చేశాను.

ఇదే విషయం ఈమెయిల్‌లో రాస్తే మీ సిబ్బంది నుంచి రెండు జవాబులు వచ్చాయి. నా గడియారం ఎక్కువ కరెంటు లాగుతోందని ఒకటి, 1.2 వోల్టుల సెల్స్ కొన్ని గడియారాలకు సరిపోవని మరొకటి. రెండూ తప్పే. ఎందుకో చెబుతాను.

మా గడియారంలో ఇంతకుముందు కిరాణా కొట్లో దొరికే మామూలు జింక్ కార్బన్ సెల్ ఉండేది. అది దాదాపు ఏడాది నడిచేది. ఆ రకం సెల్‌లో ఉండే విద్యుత్తు సుమారు వెయ్యి ఎంఏహెచ్. వెయ్యిని 365తో భాగించండి. గడియారం రోజుకు తినేది మూడు ఎంఏహెచ్ కూడా కాదు. ఆ లెక్కన మీ 2700 ఎంఏహెచ్ సెల్ రెండేళ్ళకు పైగా నడవాలి. పది రోజుల్లో ఖాళీ అయిందంటే ఆ విద్యుత్తు గడియారంలోకి పోలేదు.

ఇక వోల్టేజి సంగతి. జింక్ కార్బన్ సెల్ 1.5 వోల్టుల దగ్గర మొదలై వాడుతున్నకొద్దీ దిగజారుతూ పోతుంది. క్వార్ట్జ్ గడియారాలను ఆ దిగుదలకు తట్టుకునేలా, 1.1 వోల్టుల దాకా నడిచేలా తయారు చేస్తారు. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ తన విద్యుత్తులో చాలా భాగాన్ని 1.2 వోల్టుల దగ్గరే నిలకడగా ఇస్తుంది. అది సరిపోకపోతే నా గడియారం మొదటి రోజే తడబడాలి. అలా జరగలేదు. మొదటి వారం సెకను కూడా తప్పలేదు.

అనుమానం పూర్తిగా తీరాలని నాలుగు సెల్స్‌నూ ఒకేసారి ఛార్జి చేసి, ఒకటి గడియారంలో పెట్టి, ఒకదాన్ని దేనికీ తగిలించకుండా ప్లాస్టిక్ డబ్బాలో దాచాను. గడియారం ఆగిన రోజున డబ్బాలోది తీసి పెడితే ముల్లు కదలలేదు. ఏ పనీ చేయని సెల్ కూడా అదే వేగంతో ఖాళీ అయింది. మీ సాంకేతిక నిపుణుడు ఫోనులో మల్టీమీటర్ రీడింగ్ అడిగారు. గడియారం ఆగడానికి రెండు మూడు రోజుల ముందు చూసిన రీడింగ్ 1.24 అని చెబితే ‘సెల్ బాగానే ఉందండీ’ అన్నారు. ఈ రకం సెల్‌ను ఊరికే మీటరు పెట్టి కొలిస్తే మూడు వంతులు ఖాళీ అయినా 1.2 పైనే చూపిస్తుంది. లోడు పెట్టి కొలవాలి. అర ఆంపియర్ లాగేలా ఒక రెసిస్టర్ తగిలిస్తే అదే సెల్ కొద్ది నిమిషాల్లో ఒక వోల్టు కిందికి పడిపోయింది. ఈ చిన్న విషయం మీ సేవా విభాగంలో ఫోను ఎత్తేవారికి తెలిసి ఉండాలి.

ఇప్పుడు ఛార్జరు దగ్గరకు వద్దాం. దాని వెనుక 150 మిల్లీ ఆంపియర్లు అని ముద్రించారు. మీ సూచనల కాగితం ఎనిమిది గంటలు ఛార్జి చేయమంటోంది. 150ని ఎనిమిదితో గుణిస్తే 1200. ఈ సెల్స్‌లోకి పంపినదంతా నిల్వ కాదు, కొంత వేడిగా పోతుంది. అందుకే నెమ్మదిగా ఛార్జి చేసేటప్పుడు కెపాసిటీకి ఒకటిన్నర రెట్లకు పైగా పంపాలి. కెపాసిటీలో పదో వంతు కరెంటుతో పదహారు గంటలు అన్న ప్రామాణిక పద్ధతి వచ్చింది ఇందుకే. అంటే 1.6 రెట్లు. ఆ లెక్కన మీరు చెప్పిన ఎనిమిది గంటలకు నిండేది 750 ఎంఏహెచ్ సెల్! అది రిమోట్లలో వాడే చిన్న ట్రిపుల్ ఎ సెల్ కెపాసిటీ. ఆ సెల్స్ కోసం రాసిన కాగితాన్నే ఈ పెట్టెలోనూ పెట్టారని నా అనుమానం. మీ 2700 సెల్ నిండాలంటే ఈ ఛార్జరుకు దాదాపు ఇరవై తొమ్మిది గంటలు పడుతుంది. మీ మాట విన్న కొనుగోలుదారుడు మూడో వంతు కూడా నిండని సెల్‌ను తీసుకెళ్ళి గడియారంలో పెడుతున్నాడు. పచ్చ దీపం వెలుగుతోంది కదా అని నమ్ముతున్నాడు. ఆ దీపం సెల్ తగిలిందని మాత్రమే చెబుతుంది, నిండిందని కాదు. ఎనిమిది గంటల తర్వాత కూడా అది అలాగే వెలుగుతూ ఉంటుంది.

అంతకన్నా నాకు కోపం తెప్పించిన సంగతి, ఈ ఛార్జరు సెల్స్‌ను జంటలుగా తప్ప ఛార్జి చేయదు. రెండు సెల్స్ ఒకదాని వెనుక ఒకటి ఒకే దారిలో ఉంటాయి. ఒక్కటే పెడితే దీపమే వెలగదు. గడియారానికి కావలసింది ఒకే సెల్ కదా! ఖాళీ అయిన గడియారం సెల్‌కు తోడుగా రిమోట్‌లోంచి సగం నిండిన సెల్ తీసి పెట్టాలి. రెండింటికీ ఒకే కరెంటు, ఒకే సమయం. ఖాళీది నిండేలోగా సగం నిండినది ఎప్పుడో నిండి వేడెక్కుతూ ఉంటుంది. రెండోది నిండిందని ఆపేస్తే మొదటిది ఆకలితో మిగులుతుంది. కొన్ని నెలలు ఇలా నడిపితే జంటలో ఒకటి మరొకదానికన్నా ముందే ముసలిదవుతుంది. గడియారం బొమ్మ వేసిన పెట్టెలో జంటల ఛార్జరు పెట్టడం ఎవరి ఆలోచనో తెలుసుకోవాలని ఉంది.

తప్పంతా ఛార్జరుదేనేమో అని మీరు అనుకోవచ్చు. కాదు. పెళ్ళి ఫోటోలు తీయడం నా వృత్తి. ఫ్లాష్ కోసం ఒక్కో సెల్‌ను విడివిడిగా ఛార్జి చేసి, డిశ్చార్జి చేసి ఎంత విద్యుత్తు ఇచ్చిందో చూపించే ఛార్జరు నా దగ్గర ఉంది. వోల్టేజి శిఖరానికి చేరి కొద్ది మిల్లీ వోల్టులు దిగగానే అది ఆగుతుంది. ఆ దిగుదల స్పష్టంగా కనిపించాలంటే ఈ సెల్‌కు ముప్పావు ఆంపియర్‌కు తగ్గని కరెంటు ఇవ్వాలి. మరీ తక్కువ ఇస్తే దిగుదల కనబడక ఛార్జరు ఆగకుండా పోతుంది. ఒక ఆంపియర్‌తో పూర్తిగా నింపి వెంటనే కొలిస్తే మీ సెల్స్ 2300కు కాస్త అటూ ఇటూ ఇచ్చాయి. 2700 కాకపోయినా నేను గొడవ పెట్టుకునేంత తేడా కాదు. మళ్ళీ నింపి రెండు వారాలు అలమరలో ఉంచి కొలిస్తే ఒకటి 1200 ఇచ్చింది, ఒకటి 900, ఇంకొకటి 300 కూడా ఇవ్వలేదు. నాలుగోది అసలు మొదలే కాలేదు. ఒకే పెట్టెలోని సెల్స్ మధ్య ఇంత తేడా ఉందంటే, కనీసం కొన్నిటిలో లోపలి పొర గుండా సన్నని లీకేజీ ఉందనే అనుకోవాలి.

అదే అలమరలో, అవే రెండు వారాలు నా ఫ్లాష్ సెల్స్ కూడా ఉన్నాయి. అవి తక్కువ సెల్ఫ్ డిశ్చార్జి రకం, అంటే వాడకుండా ఉంచినప్పుడు తమంతట తాము చాలా నెమ్మదిగా ఖాళీ అయ్యేవి, 2000 ఎంఏహెచ్. అన్నీ 1900 పైనే ఇచ్చాయి. పెట్టె మీద చిన్న అంకె ఉన్న సెల్ పెద్ద అంకె ఉన్నదాన్ని ఓడించింది.

ఇది కొత్త విద్య కాదు. 2005లో జపాన్‌లో సాన్యో సంస్థ ఎనెలూప్ పేరుతో ఈ రకం సెల్స్ తెచ్చింది. ఏడాది తర్వాత కూడా 85 శాతం నిలుస్తుందని అప్పుడే చెప్పింది. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఒక పల్చని పొర ఉంటుంది. పాత రకంలో అది నైలాన్ జాతి పదార్థం. సెల్‌లోని క్షారంలో కాలక్రమేణా విచ్ఛిన్నమై నత్రజని సమ్మేళనాలను వదులుతుంది. అవి రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తిరుగుతూ ఇక్కడ ఒక ఎలక్ట్రాన్ తీసుకుని అక్కడ ఇచ్చి, బయట ఏ వైరూ లేకుండానే సెల్‌ను ఖాళీ చేస్తాయి. తక్కువ సెల్ఫ్ డిశ్చార్జి రకంలో ఆ పొరను ప్రత్యేకంగా శుద్ధి చేసిన పాలీప్రొపిలీన్‌తో చేస్తారు, హైడ్రైడ్ మిశ్రమ లోహాన్నీ మారుస్తారు. అధిక కెపాసిటీ సెల్‌లో ఎలక్ట్రోడ్ పదార్థం ఎక్కువ కూరడానికి పొరను పల్చబరుస్తారు. పెద్ద అంకెకు చెల్లించే మూల్యం ఇది. పైగా వేడి పెరిగేకొద్దీ ఈ నష్టం వేగం పుంజుకుంటుంది. ఇరవై డిగ్రీల గదిలో వేసిన లెక్క విజయవాడ మే నెలలో పశ్చిమ గోడకు వేలాడే గడియారానికి చెల్లదు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మీ సెల్స్‌ను రాత్రి నా ఛార్జరులో నింపి మర్నాడు ఉదయం ముహూర్తానికి ఫ్లాష్‌లో వేస్తే బాగానే పనిచేశాయి. పిల్లల రిమోట్ కారులోనూ ఇబ్బంది లేదు. నింపిన మర్నాడే ఖాళీ చేసే పనికి ఇవి సరిపోతాయి. గడియారానికీ రిమోట్‌కూ కావలసింది ఎక్కువ విద్యుత్తు కాదు, నిలిచే విద్యుత్తు. అది ఈ సెల్స్‌లో లేదు. అది తెలిసి కూడా గడియారం బొమ్మ వేశారా, తెలియక వేశారా అన్నది మీరే చెప్పాలి.

నాకు మొత్తం సెట్ ధర వాపసు కావాలి. అవే సెల్స్ కొత్తవి పంపుతామంటే వద్దు. తక్కువ సెల్ఫ్ డిశ్చార్జి రకం నాలుగు, ఒక్కో సెల్‌ను విడిగా ఛార్జి చేసి తనంతట తానే ఆగే ఛార్జరు ఇస్తే అది కూడా అంగీకారమే. పెట్టె మీది గడియారం, రిమోట్ బొమ్మలనూ ‘నెలల తరబడి’ మాటనూ తీసేయండి. ఛార్జరు కాగితంలో సెల్ కెపాసిటీని బట్టి ఎన్ని గంటలో సరిగా ముద్రించండి. నింపి ఉంచిన సెల్‌లో ఆరు నెలలకు, ఏడాదికి ఎంత మిగులుతుందో, ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారో కూడా వేయండి. తయారీ తేదీ కవరు మీద కాకుండా సెల్ మీదే ఉండాలి. కవరు మొదటి రోజే చెత్తబుట్టలో పడుతుంది.

నా దగ్గరున్న నాలుగు సెల్స్ మీద స్కెచ్ పెన్నుతో అంకెలు వేశాను, కొలతల కాగితం జతలో ఉంది. మీ ప్రయోగశాలలో పరీక్షించాలంటే కొరియర్ ఖర్చు మీరు భరించే పక్షంలో పంపుతాను. అయితే నింపిన రోజే కొలిచి ‘బాగున్నాయి’ అని తిప్పి పంపకండి. నింపాక పధ్నాలుగు రోజులు ఊరికే ఉంచి, ఆ తర్వాత కొలవండి.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రచారం అంశంపై జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

భవదీయుడు,
మీ సెట్ కొన్న వినియోగదారుడు

జతపరచినవి: బిల్లు ప్రతి, పెట్టె నాలుగు వైపుల ఫోటోలు, సూచనల కాగితం ప్రతి, ఛార్జరు వెనుక లేబుల్ ఫోటో, సెల్స్ కొలతల పట్టిక.