మంత్రి గారూ, ఆ పోస్టర్ మార్పించండి

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో డైటీషియన్‌ని. మొన్న ఒక ఆరోగ్య కేంద్రం గోడ మీద పోస్టర్ చూశాను. నల్లటి కూల్ డ్రింక్ గ్లాసులో ఒక ఎముక మునిగి ఉంది. కింద ‘ఫాస్ఫారిక్ యాసిడ్ మీ ఎముకలను కరిగిస్తుంది’ అని రాశారు. కూల్ డ్రింకులు తగ్గించాలనే ఉద్దేశం మంచిదే. కానీ ఆ వాక్యం తప్పు. ఇలా యాసిడ్ ఒక్కదాన్నే తప్పుపట్టే మాటల వల్ల మా ఇంట్లోనే ఒకడు పొరపాటుపడ్డాడు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఎముక సంగతి చూద్దాం. గ్లాసులో వేసిన ఎముక రోజులు గడిచేకొద్దీ మెత్తబడుతుంది, నిజమే. కానీ మనం తాగిన కోలా ఎముక దాకా అలాగే చేరదు. మన కడుపులో ఊరే యాసిడ్ కోలా కంటే ఘాటైనది. (పళ్ల సంగతి వేరు. వాటికి కోలా నేరుగా తగులుతుంది, పైపొర అరుగుతుంది.) ఇక కోలాలోని ఫాస్ఫారిక్ యాసిడ్ నుంచి వచ్చే ఫాస్ఫరస్ అంటారా, 300 మిల్లీలీటర్లలో ఉండేది సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు పాలలో దానికి కనీసం మూడు రెట్లు ఉంటుంది.

అలాగని కోలాకు, ఎముకలకు సంబంధమే లేదని కాదు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. రోజూ కోలా తాగే ఆడవాళ్లలో తుంటి ఎముక సాంద్రత, నెలకు ఒక్కసారి కూడా తాగని వాళ్ల కంటే తక్కువగా కనిపించింది. తొడ ఎముక మెడ దగ్గర ఆ తేడా 3.7 శాతం. వెన్నెముకలో తేడా లేదు, మగవాళ్లలోనూ లేదు. అది పరిశీలన మాత్రమే, కోలాయే కారణమని రుజువు చేయలేదు. అంతకు ముందు 2001లో ఆడవాళ్లకు రకరకాల డ్రింకులు ఇచ్చి మూత్రంలో పోయే కాల్షియం కొలిచారు. కెఫీన్ ఉన్నప్పుడే కొద్దిగా ఎక్కువ పోయింది. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండి కెఫీన్ లేని డ్రింకుతో పెరగలేదు. అసలు నష్టం పాల స్థానంలోకి కూల్ డ్రింక్ రావడమేనని ఆ పరిశోధకులు తేల్చారు. నాకూ అదే సబబుగా అనిపిస్తుంది. మజ్జిగ మానేసి బిర్యానీతో కోలా తాగే అమ్మాయికి తక్కువయ్యేది కాల్షియం.

కిడ్నీ రాళ్ల దగ్గర మాత్రం ఈ యాసిడ్‌ను అంత తేలిగ్గా వదిలేయలేం. అప్పటికే రాయి వచ్చిన, కూల్ డ్రింకులు తాగే 1,009 మంది మగవాళ్ల మీద అమెరికాలో చేసిన ప్రయోగం ఫలితాలు 1992లో వచ్చాయి. సగం మందిని కూల్ డ్రింకులు మానమన్నారు. మూడేళ్లలో మళ్లీ రాయి రాకుండా ఉన్నవాళ్లు ఆ గుంపులో 6.4 శాతం ఎక్కువ. ఎక్కువగా ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న డ్రింకే తాగేవాళ్లలో ఆ లాభం 15 శాతం దాకా ఉంది. సిట్రిక్ యాసిడ్ డ్రింకులు తాగేవాళ్లలో లాభం కనబడలేదు. కాబట్టి ఒకసారి రాయి వచ్చినవాళ్లను కోలా మానమనడానికి ఆధారం ఉంది. కానీ అది మగవాళ్ల మీద మాత్రమే చేసిన ఒక్క ప్రయోగం.

పొరపాటు జరిగింది ఇక్కడే. మా అక్క కొడుకు బైక్ మీద డెలివరీలు చేస్తాడు. వాడికి రాయి వస్తే స్కోప్ వేసి తీశారు. ‘నల్ల కూల్ డ్రింక్ వద్దు’ అన్నారట. వాడు బుద్ధిగా ఆరెంజ్ రంగుదానికి మారాడు. ‘ఇందులో ఆ యాసిడ్ లేదు పిన్నీ’ అని నాకే చెప్పాడు. రెండేళ్లకు మళ్లీ చిన్న రాయి. రంగు డ్రింకే కారణమని నేను చెప్పలేను. కానీ 2013లో వచ్చిన, దాదాపు 1,94,000 మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం చూడండి. వారానికి ఒకటి కూడా తాగని వాళ్లతో పోలిస్తే, రోజూ చక్కెర కోలా తాగేవాళ్లకు రాళ్ల ముప్పు 23 శాతం ఎక్కువ. చక్కెర ఉన్న ఇతర డ్రింకులు తాగేవాళ్లకు 33 శాతం ఎక్కువ. యాసిడ్ ఒక్కటే దోషి అయితే లెక్క ఇలా రాదు. చక్కెరలోని ఫ్రక్టోజ్ మూత్రంలో కాల్షియాన్ని, యూరిక్ యాసిడ్‌ను పెంచుతుందని అంటారు.

వాడికి 24 గంటల మూత్ర పరీక్ష చేయిస్తే మొత్తం 900 మిల్లీలీటర్లే వచ్చింది. రాయి మళ్లీ రాకూడదంటే రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు రావాలి. ఎండలో చెమటకే నీళ్లన్నీ పోతున్నాయి. బాత్రూమ్ దొరకదని వాడు నీళ్లు తాగడమే మానేశాడు.

అందుకే పోస్టర్‌లో ఎముక బొమ్మ తీసేయించి ఇలా రాయించండి: ‘రాయి ఒకసారి వచ్చిందా? కోలా మానండి. దాని బదులు వేరే తీపి డ్రింక్ తాగకండి. మూత్రం లేత రంగులో వచ్చేదాకా నీళ్లు తాగండి.’ అలాగే డెలివరీ కుర్రాళ్లు ఎక్కువగా ఆగే కూడళ్లలో తాగునీళ్లు, శుభ్రమైన టాయిలెట్ ఉండేలా మున్సిపల్ శాఖతో మాట్లాడండి.

ఇట్లు,
ఒక డైటీషియన్, మెహదీపట్నం