వార్షిక నివేదిక: లండన్ ధర, మన బజారు ధర, మధ్యలో ప్రీమియం

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గ సమావేశాలు, సభ్యత్వ నవీకరణ, సహాయ నిధి చెల్లింపులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టికను విడిగా జతచేశాం, ఓపిగ్గా చూడండి. నివేదికలో ఎక్కువ చోటు మాత్రం అధ్యయన విభాగానికే ఇస్తున్నాను. బంగారం పనిలో ఉన్న మన సభ్యులు నెలనెలా ఒకే ప్రశ్న తెచ్చారు: “లండన్‌లో ధర తగ్గిందంటున్నారు, బులియన్ వ్యాపారి మనకెందుకు తగ్గించలేదు?” కొన్ని నెలల్లో అదే ప్రశ్న తిరగబడి వచ్చింది: “అక్కడ పెరిగింది కదా, ఇక్కడ డిస్కౌంటు ఎలా ఇస్తున్నారు?” సమావేశాల్లో దీని మీద గడిచిన గంటలు వృథా కాలేదని నా నమ్మకం.

లండన్ ధర అనేది రోజుకు రెండుసార్లు, అక్కడి గడియారం ప్రకారం ఉదయం పదిన్నరకూ మధ్యాహ్నం మూడింటికీ, వేలం పద్ధతిలో తేలే, అక్కడి బులియన్ మార్కెట్ సంఘమైన ఎల్‌బీఎంఏ పేరు మీద వెలువడే ధర. ఔన్సుకు ఇన్ని డాలర్లు అని చెబుతారు; ఔన్సు అంటే 31.1035 గ్రాములు. ఆ ధర లండన్ ఖజానాలో ఉన్న బంగారానిది. అక్కడి పెద్ద కడ్డీ సుమారు 400 ఔన్సులు, అంటే పన్నెండున్నర కిలోల దాకా తూగుతుంది. దాన్ని ఎక్కువగా స్విట్జర్లాండ్ రిఫైనరీల్లో కరిగించి కిలో కడ్డీలుగా పోసి, విమానంలో పంపిస్తే గానీ మన దేశపు వ్యాపారికి పనికిరాదు. కరిగింపు, రవాణా, బీమా ఖర్చు మామూలు రోజుల్లో చాలా చిన్నది. అసలు తేడా సరిహద్దు దగ్గర మొదలవుతుంది.

ముందుగా ఒక పొరపాటు సరిదిద్దాలి. సుంకాన్ని చాలామంది ప్రీమియం అనుకుంటున్నారు, అది ప్రీమియం కాదు. ఔన్సు 2,400 డాలర్లు, డాలరు 84 రూపాయలు అనుకుందాం. పది గ్రాములకు దాదాపు 64,800 రూపాయలు. దిగుమతి సుంకం 6 శాతమైతే దాని మీద 3,900 చేరి 68,700 అవుతుంది. ఆపైన 3 శాతం జీఎస్టీ. ఈ లెక్కకు వచ్చే మొత్తమే దేశంలో ఉండవలసిన ధర. వ్యాపారి నిజంగా అడిగేది దీనికంటే ఎక్కువైతే ప్రీమియం, తక్కువైతే డిస్కౌంటు. బులియన్ వ్యాపారులు దాన్ని ఔన్సుకు డాలర్లలో చెబుతారు. ఔన్సుకు 10 డాలర్లంటే పైన అనుకున్న మారకం ప్రకారం పది గ్రాములకు 270 రూపాయలు. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే మాటలు అర్థమవుతాయి.

మరి ప్రీమియం ఎందుకు వస్తుంది? సరుకు చాలక. ఎక్కడైనా ధర ఎక్కువుంటే అక్కడికి సరుకు పారి తేడాను పూడ్చాలి. బంగారం అలా పారకుండా అడ్డుపడితే తేడా నిలిచిపోతుంది. దీనికి 2013 కంటే మంచి ఉదాహరణ లేదు. అప్పుడు దేశపు కరెంట్ ఖాతా లోటు బాగా పెరిగింది, రూపాయి పడిపోయింది. ఆ ఏడాది సుంకం మెట్టుమెట్టుగా 10 శాతానికి చేరింది. దాంతో పాటు 80:20 నిబంధన వచ్చింది: దిగుమతి చేసిన ప్రతి సరుకులో 20 శాతం ఎగుమతిదారులకు కేటాయించాలి, అది నగలుగా బయటికి వెళ్లిన లెక్క చూపాకే తర్వాతి సరుకు. డబ్బుండి, గిరాకీ ఉండి, సరుకు రాలేదు. డిసెంబరు తొలి రోజుల్లో ప్రీమియం ఔన్సుకు 160 డాలర్లకు చేరింది. డాలరు 62 రూపాయలున్న ఆ రోజుల లెక్కలో పది గ్రాములకు సుమారు 3,200 రూపాయలు, అదీ సుంకం కట్టాక! 2014 నవంబరు చివర్లో ఆ నిబంధన ఎత్తేశారు.

2024లో కథ అటునుంచి ఇటు నడిచింది. జులై దాకా సుంకం 15 శాతం. ఇందాకటి లెక్కలో అది పది గ్రాములకు 9,700 రూపాయలు. దొంగదారిన తెచ్చేవాడికి మిగిలేది అదే. అందులో కొంత వదులుకుని అధికారిక ధర కంటే తక్కువకు అమ్మినా వాడికి లాభమే. పన్ను కట్టి తెచ్చిన వ్యాపారి ఆ పోటీకి తట్టుకోవాలంటే తగ్గించక తప్పదు. అంటే డిస్కౌంటు కనిపించిన ప్రతిసారీ గిరాకీ పడిపోయిందని అనుకోకూడదు. జులై 23 బడ్జెట్‌లో సుంకాన్ని 6 శాతానికి దించారు. దొంగ సరుకు లాభం ఒక్కరోజులో సగానికి పైగా కరిగిపోయింది. ధర తగ్గడంతో కొనేవాళ్లు ఎగబడ్డారు, ఆ వారంలోనే డిస్కౌంటు పోయి ప్రీమియం వచ్చింది. అయితే 15 శాతం కట్టి తెచ్చిన సరుకు చేతిలో ఉన్నవాళ్లకు పది గ్రాములకు 5,800 రూపాయల తేడా మీద పడింది. మన సభ్యుల్లోనూ అలా నష్టపోయినవారున్నారు. వాళ్ల మాటలు విన్నాక ఇది కేవలం అంకెల విషయమని నేను అనుకోలేను.

చాలామందికి తెలియని ఇంకో చిన్న మెలిక ఉంది. సుంకాన్ని ఆ రోజు ధర మీద కాకుండా, కస్టమ్స్ వాళ్లు సుమారు పదిహేను రోజులకోసారి ప్రకటించే టారిఫ్ విలువ మీద లెక్కిస్తారు. ఆ విలువ ఔన్సు 2,400 దగ్గర ఖరారయ్యాక ధర 2,500కు ఎగబాకిందనుకోండి. దిగుమతిదారు ఇంకా పాత విలువ మీదే 6 శాతం కడతాడు, ఔన్సుకు 6 డాలర్లు మిగులుతాయి. ఆ మిగులులోంచే అతను డిస్కౌంటు ఇవ్వగలడు. ధర పడినప్పుడు ఇదే తిరగబడుతుంది. కొత్త విలువ రాబోతోందనగా వ్యాపారులు సరుకును తొందరపెట్టడమో, ఆపడమో అందుకే.

ధర ఒక్కసారిగా పెరిగితే ఇళ్లలోని పాత నగలు కరిగింపుకు వస్తాయి, కొనేవాళ్లు ఆగుతారు. అప్పుడు ఇక్కడ మిగిలిన బంగారం మళ్లీ లండన్‌కు సులువుగా పోలేదు. మేలిమి కడ్డీల ఎగుమతి మీద ఆంక్షలున్నాయి. కట్టిన సుంకమూ వెనక్కి రాదు. అందుకే డిస్కౌంటు పెద్దదై వారాలపాటు నిలవగలదు.

చైనాలో అడ్డు వేరే రూపంలో ఉంటుంది. అక్కడ ఏ బ్యాంకు ఎంత బంగారం తేవచ్చో కేంద్ర బ్యాంకు కోటాలు నిర్ణయిస్తుంది. 2023 సెప్టెంబరులో యువాన్ బలహీనపడుతున్నప్పుడు కోటాలు బిగించారు. షాంఘై ధర లండన్ కంటే ఔన్సుకు 100 డాలర్లకు పైగా పోయింది. అదే 2020లో కరోనా ఆంక్షలప్పుడు, కొనేవాళ్లు లేక, అక్కడే డిస్కౌంటు నడిచింది.

లెక్క వేసేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా చేస్తున్న తప్పు సమయానిది. లండన్ మధ్యాహ్నపు ధర మనకు వేసవిలో రాత్రి ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదిన్నరకు తేలుతుంది. నిన్న రాత్రి ధరతో ఈ ఉదయపు బజారు ధరను పోల్చితే, ఈలోగా 30 డాలర్లు కదిలి ఉంటే 800 రూపాయల దొంగ ప్రీమియం కనిపిస్తుంది. ఒకే వేళ ధరలు, ఆ వేళ మారకం, ఒకే స్వచ్ఛత తీసుకోవాలి. 995 కడ్డీని 999తో పోల్చినా లెక్క చెడుతుంది.

వచ్చే ఏడాది అధ్యయన విభాగం రోజూ ఒకే వేళ నాలుగు అంకెలు రాసిపెడుతుంది: ఔన్సు ధర, డాలరు మారకం, అమల్లో ఉన్న టారిఫ్ విలువ, వ్యాపారి చెప్పిన ధర. పుస్తకం సంఘం కార్యాలయంలో ఉంటుంది, సభ్యులెవరైనా వచ్చి చూసుకోవచ్చు. రాయడానికి ఇద్దరు ముందుకొచ్చారు, మరో ఇద్దరు కావాలి. పేర్లు సర్వసభ్య సమావేశంలో ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి