మొదటి వాయిద్యం అద్దెకా, కొనుక్కోవాలా: మా కస్టమర్లకి ఒక మాట

“మా పాపకి పదకొండు నిండాయి, వచ్చే నెల నుంచి మ్యూజిక్ క్లాసులు. కీబోర్డా ఫ్లూటా డ్రమ్సా ఇంకా తేల్చుకోలేదు. ఏదైనా ముందు అద్దెకి తీసుకోమంటారా, కొనేయమంటారా?”

మూడింటికీ ఒకటే జవాబు చెప్పలేనండి. కీలు ఉండే మెటల్ ఫ్లూట్ అయితే అద్దెకే తీసుకోండి. వెదురు ఫ్లూట్ అయితే కొనుక్కోండి. డ్రమ్స్ అయితే అసలు ఇప్పుడే సెట్ వద్దు, ఒక ప్రాక్టీస్ ప్యాడ్, ఒక జత స్టిక్స్ కొంటే చాలు. కీబోర్డ్‌కి మాత్రం సెకండ్ హ్యాండ్‌ది చూసి కొనుక్కోమంటాను. వాయిద్యాలు అద్దెకిచ్చేవాణ్ణి నేనే ఇలా చెప్తున్నానంటే కారణం ఉంది, మా దగ్గర జరిగిన ఒక తప్పు, దాని వల్లే మేము అద్దె పద్ధతి మార్చాం కాబట్టి ముందు అది చెప్తాను.

మా దగ్గర ఫ్లూట్ అద్దెకి తీసుకున్న ఒక పాప, దానికీ పదకొండేళ్ళే, ఆరు వారాలు క్లాసులకి వెళ్ళింది. తర్వాత ఒకరోజు వాళ్ళమ్మగారు ఫ్లూట్ తిరిగిచ్చేద్దామని వచ్చారు. “దీనికి ఊపిరి చాలట్లేదండి, పైన మూడు స్వరాలు బాగానే వస్తాయి, కిందకి దిగితే గాలి తప్ప శబ్దం రాదు, ఏడుస్తోంది, కీబోర్డ్‌కి మార్చేద్దాం అనుకుంటున్నాం” అన్నారు. నేను తీసుకుని ఊదితే అన్నీ వచ్చాయి, కింద డీ స్వరం దాకా. నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం నేను కూడా పాపకే కుదరట్లేదేమో అనుకున్నా. కానీ పాప పక్కనే నిలబడి నా వేళ్ళే చూస్తోంది, “అంకుల్ మీరు చాలా గట్టిగా నొక్కుతున్నారు, మా మేడమ్ అలా నొక్కొద్దన్నారు” అంది. అప్పుడు వేళ్ళు ఊరికే ఆనించి ఊదాను. బీ, ఏ, జీ వచ్చాయి. ఎఫ్ నీరసంగా వచ్చింది, ఈ, డీ అసలు రాలేదు. అచ్చం పాప చెప్పినట్టే.

సంగతేంటంటే మెటల్ ఫ్లూట్‌లో ప్రతి కీ కింద ఒక ప్యాడ్ ఉంటుంది, ఫెల్ట్ మీద పల్చటి పొర చుట్టి చేస్తారు, అది రంధ్రాన్ని చుట్టూ ఎక్కడా సందు లేకుండా మూయాలి. కింద స్వరం రావాలంటే పైనున్నవన్నీ మూసుకోవాలి కదా, కాబట్టి మధ్యలో ఒక్క ప్యాడ్ వెంట్రుకంత లీకయినా ఆ స్వరమూ దాని కిందవీ పోతాయి, పైవి మాత్రం బాగానే ఉంటాయి. ఇలాంటప్పుడు చేయి తిరిగినవాళ్ళు తెలియకుండానే గట్టిగా నొక్కేసి మూసేస్తారు, పిల్లలు మెల్లగా నొక్కుతారు, నిజానికి నొక్కాల్సింది కూడా మెల్లగానే. దీన్ని పట్టుకోవడానికి సిగరెట్ చుట్టే పల్చటి కాగితం సన్నగా కత్తిరించి ప్యాడ్ కింద పెట్టి, కీని వేలితో తేలిగ్గా మూసి, కాగితాన్ని నెమ్మదిగా లాగుతాం. ప్యాడ్ చుట్టూ నాలుగు వైపులా ఇలా చూడాలి, అన్ని వైపులా ఒకేలా పట్టి ఉండాలి. ఆ ఫ్లూట్‌లో ఎఫ్ కీ ముందు వైపు కాగితం పట్టింది, వెనక వైపు ఏమీ లేనట్టు జారి వచ్చేసింది. ప్యాడ్ కింద ఆ వైపుకి పల్చటి కాగితం బిళ్ళ వేసి సరిచేసి ఇచ్చాక పాప అక్కడే కౌంటర్ దగ్గర “ఈ” స్వరం ఊదింది, డీకి రెండు మూడు సార్లు పట్టింది కానీ అదీ వచ్చింది.

ఆరు వారాలు ఆ పాప తన ఊపిరే సరిపోవట్లేదనుకుంది, లోపం మేమిచ్చిన ఫ్లూట్‌లో ఉంది. ముందు తీసుకున్నవాళ్ళు తిరిగిచ్చాక పైపైన తుడిచి, నేను ఊది చూసి ఇచ్చేశాం, నేను ఊదితే ఎలాగూ వస్తుంది. ఆ కుటుంబానికి ఆరు వారాల అద్దె వాపసు ఇచ్చాం, క్షమాపణ చెప్పాం.

అందుకే మెటల్ ఫ్లూట్ అద్దెకే అంటున్నా, మీరు కట్టే అద్దెలో సగం విలువ ఈ సర్వీసుదే. ఊదినప్పుడు లోపల తడి చేరుతుంది, తుడవకుండా పెట్టెలో పెడితే ప్యాడ్లు ఉబ్బుతాయి. పిల్లలు బిగించేటప్పుడు కీలు ఉన్నచోట పట్టుకుని తిప్పుతారు, రాడ్లు వంగుతాయి, కీలు లేని చోట పట్టుకోవాలని మొదటి నెలంతా చెప్తూనే ఉండాలి. సెకండ్ హ్యాండ్ ఫ్లూట్ చవకగా దొరికిందని కొంటే పైకి తళతళలాడుతుంది, లోపల ప్యాడ్లన్నీ మార్చాల్సి ఉండొచ్చు, ఆ ఖర్చు కొన్న ధరని దాటినా ఆశ్చర్యం లేదు. అద్దెకైతే అది ఇచ్చినవాళ్ళ బాధ్యత, అలా అని కాగితం మీద రాసి ఉందో లేదో మాత్రం చూసుకోండి. రాసి లేకపోతే ఆ అద్దెకి అర్థం లేదు.

సైజు సంగతి కూడా చెప్పాలి. పదకొండేళ్ళకి చాలామందికి మామూలు ఫ్లూట్ సరిపోతుంది, చేతులు పొట్టిగా ఉన్న పిల్లలకి తల భాగం వంపు తిరిగినది ఉంటుంది. పట్టుకోమని చూడండి, కుడి మోచేయి పూర్తిగా చాచాల్సి వస్తున్నా, అందుకోవడానికి తల పక్కకి వాల్చేస్తున్నా, కుడి చిటికెన వేలు దాని కీని అందుకోలేకపోతున్నా వంపుదే తీసుకోవాలి. వెదురు ఫ్లూట్‌కి కీలూ ప్యాడ్లూ లేవు కాబట్టి అద్దె అనవసరం. ఏ శృతిది కావాలో, కర్ణాటక పద్ధతా హిందుస్తానీ పద్ధతా అనేది టీచర్‌ని అడిగాకే కొనండి, ఎందుకంటే రంధ్రాలూ వేళ్ళు పెట్టే తీరూ వేరు, శృతి తర్వాత మార్చలేం. పొడవాటి ఫ్లూట్ సౌండ్ బాగుందని తీసుకెళ్తారు కొందరు, పిల్లల వేళ్ళు ఆ రంధ్రాల మధ్య దూరాన్ని అందుకోలేవు.

ఇక కీబోర్డ్. దీనికి సర్వీస్ దాదాపు ఉండదు, కాబట్టి అద్దె కడితే వస్తువు వాడుకున్నందుకే కడుతున్నట్టు. లెక్క ఇలా వేయండి. కొత్తదాని ధర నూరు వంతులు అనుకోండి, నెల అద్దె 5 వంతులు, కొన్ని నెలలు వాడి అమ్మితే 60 వస్తుందనుకోండి. అంటే కొత్తది కొని మానేస్తే 40 పోతుంది, అది 8 నెలల అద్దె. పాప నాలుగో నెలలో మానేస్తే అద్దెకి 20 అయ్యేది, అద్దే లాభం. 8 నెలలు దాటితే కొన్నదే లాభం. కానీ అదే 60కి సెకండ్ హ్యాండ్‌ది కొని, మళ్ళీ 50కి అమ్మితే పోయేది 10, రెండు నెలల అద్దె అంతే. ఈ అంకెలు ఉదాహరణకి వేసినవి, మీకు చెప్పిన ధర, అద్దె పెట్టి మీరే చూసుకోండి. అద్దె కొనుగోలులో కలిపేస్తాం అని ఎవరైనా అంటే మొత్తం కలుపుతారా, మొదటి కొన్ని నెలలదేనా, ఏ ధరలోంచి తగ్గిస్తారు అని అడగండి, కొన్నిసార్లు బయట దొరికే ధర కన్నా ఎక్కువ రేటు వేసి అందులోంచి తగ్గిస్తారు.

సెకండ్ హ్యాండ్‌ది కొనేటప్పుడు కీలు పూర్తి సైజువి కావాలి, మినీ కీలది వద్దు, వేళ్ళకి తప్పు దూరం అలవాటైపోతుంది. 61 కీలు మొదలుపెట్టడానికి చాలు, టీచర్ పియానో నేర్పిస్తానంటే మాత్రం 88 కీలది, బరువున్న కీలది అడుగుతారు, అది ముందే కనుక్కోండి. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకాలి, దీన్ని టచ్ రెస్పాన్స్ అంటారు, ఇది లేనిది తీసుకోకండి. తర్వాత ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కో కీ ఒకే బలంతో నొక్కుతూ వెళ్ళండి, తొందరపడకుండా. మధ్యలో ఒక్క కీ ఉన్నట్టుండి అరిచినట్టు పలికితే లోపల కాంటాక్ట్‌లో దుమ్ము ఉన్నట్టు. ప్రతి కీకి రెండు కాంటాక్ట్‌లు ఉంటాయి, ఆ రెంటి మధ్య పట్టిన సమయాన్ని బట్టే ఎంత వేగంగా నొక్కామో దానికి తెలుస్తుంది, ఒకటి సరిగ్గా తగలకపోతే లెక్క తప్పుతుంది. విప్పి తుడిస్తే చాలావరకు బాగవుతుంది, దాన్ని చూపించి ధర తగ్గించమనొచ్చు. అలా కాకుండా సమాన దూరంలో, అంటే ఇన్నేసి కీలకి ఒకటి చొప్పున పలకకపోతే అది సర్క్యూట్‌లో లోపం, వదిలేసి వచ్చేయండి. అడాప్టర్ దానితో వచ్చిందేనా, వోల్టేజీ, ప్లస్ మైనస్ గుర్తు కీబోర్డ్ మీద రాసినదానితో సరిపోతున్నాయా చూడండి, తప్పు అడాప్టర్ పెట్టి పాడైపోయినవి మా దగ్గరకి రిపేర్‌కి వస్తూనే ఉంటాయి.

డ్రమ్స్ గురించి ఎక్కువ రాయాల్సింది లేదు. మొదటి నెలల్లో పని చేసేవి రెండు చేతులే, ఆ సింగిల్ స్ట్రోకులూ డబుల్ స్ట్రోకులూ ప్రాక్టీస్ ప్యాడ్ మీదే బాగా వస్తాయి. స్టిక్స్ సెవెన్ ఏ సైజువి అయితే సన్నగా తేలిగ్గా ఉంటాయి, చేతులు కాస్త పెద్దవైతే ఫైవ్ ఏ. తబలా, మృదంగం అయితే ప్యాడ్ పనికిరాదు, అసలు వాయిద్యమే కావాలి. కాళ్ళ పని మొదలయిందని టీచర్ చెప్పాక సెట్ సంగతి చూద్దాం. ఎలక్ట్రానిక్ సెట్ కొంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాం కదా ఇబ్బంది ఉండదు అనుకుంటారు, కాలితో కొట్టే పెడల్ దెబ్బ నేలలోంచి కింది ఇంటికి దడదడమని వెళ్తుంది. మేడ మీద ఉండేవాళ్ళు కొనకముందే ఇది ఆలోచించుకోవాలి.

మేము మార్చింది ఇదీ. ఇప్పటి నుంచి అద్దెకిచ్చే ప్రతి ఫ్లూట్‌కీ అన్ని ప్యాడ్లకీ కాగితం పరీక్ష మీ ముందే చేస్తాం, ఎవరు చేశారో తేదీతో సహా కార్డు మీద రాస్తాం. నాలుగు వారాల తర్వాత ఒకసారి మళ్ళీ చూస్తాం, అది అద్దెలోనే ఉంటుంది. కీబోర్డులు అద్దెకివ్వడం మానేస్తున్నాం, ఉన్నవన్నీ శుభ్రం చేసి సెకండ్ హ్యాండ్ కింద అమ్ముతున్నాం, ప్రతి కీ నొక్కి చూసుకున్నాకే తీసుకెళ్ళండి. ఇప్పటికే మా ఫ్లూట్ మీ ఇంట్లో ఉంటే, పాపకో బాబుకో కింద స్వరాలు రాకపోతున్నా వస్తున్నా, ఒకసారి తీసుకురండి, డబ్బులేమీ తీసుకోం. పిల్లల్ని కూడా తీసుకురండి, ఈసారి వాళ్ళ వేళ్ళతోనే చూస్తాం.