రాత్రి పదికీ ఒంటిగంటకీ మధ్య: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో ఉంటున్న విశ్రాంత సాంఖ్యక శాస్త్ర అధ్యాపకుణ్ణి. వరంగల్ జిల్లాలోని ఒక చిన్న పట్టణ ఆస్పత్రిలో రాత్రిపూట అత్యవసర విభాగానికి రెండో నర్సు కావాలని మా ఊరివాళ్ళం కొందరం వినతిపత్రం ఇచ్చాం. దానికి వచ్చిన జవాబులో ఒక లెక్క ఉంది. కూడికలూ గుణకారాలూ తప్పు కాదు. లెక్క నిలబడిన ఆధారమే తప్పు. ఈ లేఖ దాని గురించే. ఎవరినీ నిందించడం నా ఉద్దేశం కాదు కాబట్టి ఆస్పత్రి పేరూ, జవాబిచ్చిన కార్యాలయం పేరూ రాయడం లేదు.

సెప్టెంబరులో ఒక రాత్రి మా తమ్ముణ్ణి పొలంలో పాము కరిచింది. పదకొండు దాటాక ఆస్పత్రి చేరాం. ఆ గంటలోనే మరో నలుగురు వచ్చారు. ఒక డాక్టరు, ఒక నర్సు. ఆమె ఒకరికి సెలైను పెడుతుంటే మరొకరు వాంతి చేసుకుంటున్నారు. మా తమ్ముడి రక్తం గాజు గొట్టంలోకి తీసి, గడ్డకడుతుందో లేదో ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి చూడాలి. ఆ రక్తం తీయడానికే ఆమెకు నలభై నిమిషాల దాకా చేతులు ఖాళీ కాలేదు. తమ్ముడు బతికాడు. తెల్లవారుజామున నాలుగింటికి అదే గదిలో అదే నర్సు ఒక్కతే కూర్చుని రిజిస్టరు రాసుకుంటోంది. రోగులెవరూ లేరు. ఆ రెండు దృశ్యాలకూ మధ్య ఉన్న తేడాయే నన్ను ఈ లెక్కలోకి దింపింది.

గోడకు ఒక చార్టు అతికించి ఉంది. అడ్డంగా ముప్పై వరుసలు, ఒక్కో రాత్రికి ఒకటి. నిలువుగా ఎనిమిది గళ్ళు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా గంటకొకటి. ఏ గంటలో ఎంతమంది వచ్చారో గడిలో అంకె. పేర్లేమీ లేవు. నెలాఖరున నర్సు అనుమతితో దాన్ని ఫోనుతో ఫోటో తీసి వినతికి జతచేశాం. మీ శాఖ లెక్కకూ, నా లెక్కకూ ఆ ఫోటోయే ఆధారం.

ఫోటోలోంచి అంకెలు ఎత్తి రాసుకోవడమే ఇందులో అందరూ తేలిగ్గా తీసుకునే పని. నేను రెండుచోట్ల పొరపడ్డాను. ఒకచోట 1ని 7గా చదివాను. వరుస చివర నర్సు వేసిన రాత్రి మొత్తంతో నా కూడిక కలవనందువల్లే అది బయటపడింది. రెండోది ఇంకా పెద్దది. ఎవరూ రాని గంటకు ఆమె చిన్న గీత పెట్టింది. కంప్యూటరులో ఎక్కించేటప్పుడు ఆ గీతల గళ్ళు ఖాళీగా వదిలేశాను. అప్పుడు అంకెలున్న గళ్ళు 142 మాత్రమే మిగిలి, గంటకు సగటు 1.85 అని వచ్చింది. గీత అంటే సున్నా అని గుర్తించి, ముప్పై రాత్రులకు ఎనిమిదేసి గంటల చొప్పున 240 గళ్ళూ నింపాక సగటు 1.09కి దిగింది. సున్నాలను వదిలేసినవారికి ఆస్పత్రి ఉన్నదానికంటే రద్దీగా కనిపిస్తుంది. నా వాదనకు అనుకూలంగా ఉన్నా అది తప్పు లెక్క కాబట్టి పక్కన పెట్టాను. మొత్తం వచ్చినవారు 262 మంది. చార్టు మూలన ఆమె వేసిన మొత్తం కూడా అదే.

మీ శాఖ జవాబులోనూ ఈ 1.09 సగటే ఉంది. ఆ సగటుకు పాయిజాన్ విభాజనాన్ని వర్తింపజేసి, ఒకే గంటలో నలుగురు లేదా అంతకు మించి వచ్చే గంటలు నెలకు ఆరుకు మించవనీ, అందుకోసం రాత్రంతా మరో నర్సును ఉంచనక్కరలేదనీ తేల్చారు.

పాయిజాన్ విభాజనాన్ని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. అరుదైన సంఘటనలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఒకే వేగంతో జరుగుతుంటే వాటి సంఖ్య ఆ సూత్రాన్ని అనుసరిస్తుంది. 1898లో గణాంక శాస్త్రవేత్త బోర్ట్కెవిచ్ ప్రష్యా సైన్యంలో గుర్రాల తాపులకు చనిపోయిన సైనికుల లెక్కను దీనితో పోల్చి చూశాడు. పది దళాలు, ఇరవై ఏళ్ళు, అంటే 200 గళ్ళు. మరణాలు 122. ఒక్క మరణమూ లేని గళ్ళు దాదాపు 109 ఉండాలని సూత్రం చెప్పింది. ఉన్నవి సరిగ్గా 109. ఆ ఉదాహరణను ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద రాశాను. ప్రతిసారీ పిల్లలకు ఒక మాట చెప్పేవాణ్ణి: బోర్ట్కెవిచ్ సూత్రం వాడి ఆగిపోలేదు, పోల్చి చూశాడు. జవాబులో ఆ పోల్చి చూడడమే లేదు.

పోల్చడం కష్టమేమీ కాదు. సగటు 1.09 అయితే ఎవరూ రాని గంటల వాటా `e^(-1.0917)`, అంటే 0.336. దాన్ని 240తో గుణిస్తే 80.6 గంటలు. దాన్ని సగటుతో గుణిస్తే ఒకరొచ్చే గంటలు. మళ్ళీ సగటుతో గుణించి రెండుతో భాగిస్తే ఇద్దరొచ్చే గంటలు. తర్వాత మూడుతో భాగించాలి. ఇలా సాగుతుంది. ఫలితం ఇది:

| గంటలో వచ్చినవారు | చార్టులో ఉన్న గంటలు | సూత్రం చెప్పే గంటలు |
|---|---|---|
| 0 | 98 | 80.6 |
| 1 | 74 | 87.9 |
| 2 | 38 | 48.0 |
| 3 | 16 | 17.5 |
| 4, ఆపైన | 14 | 6.0 |

చివరి వరుస చూడండి. నెలకు ఆరు గంటలే అన్న రద్దీ ఆ నెలలో పద్నాలుగు గంటలు ఉంది. మొదటి వరుసలో ఖాళీ గంటలు కూడా సూత్రం చెప్పినదానికంటే ఎక్కువే. రెండు చివరలూ ఉబ్బి, మధ్య పలచబడింది. కాకతాళీయంగా ఇంత తేడా రావచ్చా అని అడగడానికి కై-వర్గ పరీక్ష ఉంది. ప్రతి వరుసలో తేడాను వర్గం చేసి, సూత్రం చెప్పిన అంకెతో భాగించి, అన్నీ కూడాలి. ఇక్కడ మొత్తం 18.7 వచ్చింది. ఐదు వరుసల్లో, మొత్తాన్నీ సగటునూ ఈ చార్టులోంచే తీసుకున్నందుకు రెండు తగ్గిస్తే మూడు మిగులుతాయి. మూడుకు హద్దు 7.81, అంటే సూత్రం సరైనదే అయితే కాకతాళీయంగా నూటికి ఐదుసార్లు మాత్రమే దాటే అంకె. మనది దానికి రెట్టింపు దాటింది. ఇంకా సులువైన గుర్తు ఒకటి ఉంది. అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత విస్తృతి. పాయిజాన్‌లో అది సగటుతో సమానంగా ఉండాలి. ఈ చార్టులో సగటు 1.09, విస్తృతి 1.61.

సూత్రం అతకలేదంటే దాని షరతుల్లో ఏదో తప్పిందని అర్థం. ఒకరితో ఒకరికి సంబంధం ఉండి గుంపులుగా వస్తుండాలి, లేదా రాత్రంతా ఒకే వేగం కాకుండా ఉండాలి. నాకు తెల్లవారుజామున చూసిన ఖాళీ గది గుర్తొచ్చింది. చార్టును ఒంటిగంట దగ్గర నిలువునా రెండుగా విడదీశాను. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. అంకెలు చూసి మనకు నచ్చినచోట కోస్తే ఏ చార్టునైనా మన మాట వినేలా చేయవచ్చు. అందుకే ఎక్కడ కోయాలో, ఏ గంటకు ఎంతమందో మొత్తాలు వేసి చూడకముందే నర్సునూ, బయట ఆటోవాళ్ళనూ అడిగాను. ఊళ్ళో జ్వరమో నొప్పో వస్తే ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తారు, తగ్గకపోతే రాత్రి ఆటో మాట్లాడుకుని బయలుదేరుతారు, తండాల నుంచి చేరేసరికి పది దాటుతుంది, ఒంటిగంట తర్వాత పెద్దగా ఎవరూ రారు అని అందరూ ఒకే మాట చెప్పారు.

పది నుంచి ఒంటిగంట దాకా 90 గంటల్లో 181 మంది వచ్చారు, గంటకు ఇద్దరు. ఒంటిగంట నుంచి ఆరు దాకా 150 గంటల్లో 81 మంది, గంటకు అర కంటే కొంచెం ఎక్కువ. రెండు భాగాలకూ విడివిడిగా అదే సూత్రం, అదే పరీక్ష. పట్టికలో వరుసల సంఖ్య మారినందువల్ల హద్దులు మాత్రం మారాయి. మొదటి భాగంలో కై-వర్గం 0.94, హద్దు 9.49. రెండో భాగంలో 0.75, హద్దు 3.84. రెండూ హద్దుకు చాలా లోపల ఉన్నాయి. మొదటి భాగంలో నలుగురూ ఆపైన వచ్చే గంటలు 13 ఉండాలని సూత్రం చెప్పింది, చార్టులో 14 ఉన్నాయి. రెండో భాగంలో అలాంటి గంట ఒక్కటీ లేదు. ఆ నెలలోని పద్నాలుగు రద్దీ గంటలూ ఒంటిగంటకు ముందే వచ్చాయి.

అంటే ఆ ఆస్పత్రికి ఒక రాత్రి లేదు, రెండు రాత్రులున్నాయి. రెండింటినీ కలిపి తీసిన 1.09 ఏ గంటకూ చెందని అంకె. పది గంటలప్పుడు అది సగానికి సగం తక్కువ చూపిస్తుంది, మూడు గంటలప్పుడు రెట్టింపు చూపిస్తుంది.

ఈ లెక్కకున్న హద్దులు కూడా మీ ముందు ఉంచాలి. ఇది ఒక్క నెల చార్టు, అదీ పాముకాట్లూ జ్వరాలూ ఎక్కువగా ఉండే సెప్టెంబరుది. వేసవికి ఇవే అంకెలు వర్తిస్తాయని నేను అనను. పరీక్ష నెగ్గిందంటే సూత్రం నిజమని రుజువైనట్టు కాదు, 90 గంటల్లో దాన్ని కాదనే సాక్ష్యం దొరకలేదని మాత్రమే. మిర్చి ఏరే కూలీల ఆటో ఒకటి బోల్తా పడితే ఆరుగురు ఒకేసారి వస్తారు. అలాంటివి పెరిగితే మనుషులను కాకుండా సంఘటనలను లెక్కపెట్టి, ఒక్కో సంఘటనకు ఎంతమందో వేరుగా చూడాలి. మేడారం జాతర రోజులను అసలు ఈ లెక్కలో కలపకూడదు. పైగా ఎంతమంది వచ్చారన్నదే చార్టు చెబుతుంది, ఒక్కొక్కరికి ఎంతసేపు పట్టిందో చెప్పదు. పాముకాటుకూ, కుట్లు పడే చిన్న గాయానికీ నర్సు సమయం ఒకటి కాదు.

మంత్రి గారూ, రాత్రంతా రెండో నర్సు అని మేము అడిగినదాన్ని ఇప్పుడు సవరించుకుంటున్నాం. ఒంటిగంట తర్వాత ఒకరు సరిపోతారని ఈ చార్టే చెబుతోంది. సాయంత్రం షిఫ్టులో ఉన్న ఇద్దరిలో ఒకరి డ్యూటీని మూడు గంటలు వెనక్కి జరిపి, పదింటికి కాకుండా ఒంటిగంటకు ముగిసేలా చేస్తే చాలు. కొత్త పోస్టు అక్కరలేదు. అర్ధరాత్రి ఇంటికి వెళ్ళే ఆమెకు వాహనం మాత్రం తప్పనిసరిగా ఏర్పాటు చేయాలి.

ఇలాంటి వినతులు మిగతా ఆస్పత్రుల నుంచి వచ్చినప్పుడు కూడా నెల సగటుతో కాకుండా గంటలవారీ చార్టుతో చూడమనీ, సూత్రం వాడినచోట చార్టు అంకెలనూ సూత్రం చెప్పిన అంకెలనూ పక్కపక్కన చూపమనీ మీ కార్యాలయాలను ఆదేశించండి. చార్టు ఫోటో, 240 గళ్ళ అంకెలు, నా లెక్క కాగితాలు ఈ లేఖ ప్రతితో మీకు పంపుతున్నాను. వాటిలో తప్పుంటే చూపించమని మీ అధికారులకు చెప్పండి, దిద్దుకుంటాను. అక్టోబరు చార్టు అదే గోడమీద నిండుతోంది. అది పూర్తయ్యాక ఒంటిగంట దగ్గరే కోసి, ఇదే పరీక్ష మళ్ళీ చేసి, ఫలితం ఎటు వచ్చినా మీకు రాస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
హనుమకొండ