కిడ్నీ చాప్టర్ చదివే ముందు ఇది చదువు

తల్లీ,

క్లాసులో సార్ చెప్పింది సగం రాసుకునేలోపే స్లైడు మారిపోతోందని, పుస్తకం తెరిస్తే ఒక పేజీకి గంట పడుతోందని అన్నావు కదా, ఫోన్లో రెండు ముక్కలు చెప్పి వదిలేసే విషయం కాదనిపించి రాస్తున్నాను. ఫిజియాలజీ పాఠాలు చెబుతూ, పేపర్లు దిద్దుతూ వచ్చినదాన్ని కాబట్టి తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఎక్కడ ఆగిపోతారో దగ్గరగా చూశాను. అది చాలామంది అనుకునే చోటు కాదు.

గ్లామెరులస్, ఆర్టీరియోల్ లాంటి పేర్లు చూసి భయపడతారు. అవి గ్రీకు, లాటిన్ నుంచి వచ్చినవి, ఇంగ్లీషు మీడియంలో చదివిన నీ పక్క బెంచీ అమ్మాయికీ కొత్తే. పైగా వాటిని సార్ బోర్డు మీద రాస్తారు, పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తారు. నిన్ను నిజంగా ఆపేవి వాటి మధ్యలో వచ్చే మామూలు ఇంగ్లీషు మాటలు. ఆల్దో, వేర్‌యాజ్, డిస్పైట్, అన్‌లెస్, దేర్‌బై, ఇంపెయిర్, ఆఫ్‌సెట్. వీటిని ఎవరూ వివరించరు, అందరికీ తెలుసనుకుంటారు. కానీ ఏది కారణం, ఏది ఫలితం, ఏది పెరిగితే ఏది తగ్గుతుంది అన్నదంతా వీటిలోనే ఉంటుంది. కాబట్టి నీ నోట్సు చివరి పేజీలు వీటికి కేటాయించు, ఒక్కో మాట పక్కన అది దొరికిన వాక్యం మొత్తం రాసుకో. కొన్ని వారాలకే మళ్లీ మళ్లీ అవే వస్తున్నాయని నీకే తెలుస్తుంది, ఎందుకంటే వైద్య పుస్తకాల్లో ఇలాంటివి మరీ ఎక్కువ ఉండవు.

ఇప్పుడు కిడ్నీయే తీసుకుందాం, వచ్చే వారం మొదలవుతుందన్నావు కాబట్టి. క్లాసుకి ముందు రోజు రాత్రి ఒక పావుగంట చాలు. పేరాలు చదవకు. హెడింగులు చూడు, బొమ్మలు చూడు, బొమ్మ కింద ఉన్న రెండు లైన్లు చదువు, కొత్త పేర్లు పైకి పలుకు. పలకడం ఎందుకంటే నువ్వు కంటితో మాత్రమే చూసిన మాట సార్ నోట వచ్చినప్పుడు చెవి గుర్తుపట్టదు, అది ఏ మాటో వెతుక్కునేలోపు తర్వాతి మూడు వాక్యాలు పోతాయి. నీ స్లైడు సమస్యకి సగం కారణం ఇదే అని నా నమ్మకం.

గ్లామెరులస్ అంటే కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నటి రక్తనాళాల ఉండ. దానిలోకి రక్తం తెచ్చే నాళం అఫరెంట్ ఆర్టీరియోల్, బయటికి తీసుకెళ్లేది ఎఫరెంట్. వేగంగా చెబితే రెండూ ఒకేలా వినిపిస్తాయి, అందుకే కొందరు టీచర్లు రెండోదాన్ని కావాలని 'ఈఫరెంట్' అని సాగదీసి పలుకుతారు. హైపో, హైపర్ కూడా అంతే, చివరి అక్షరం మింగేస్తే అర్థం తలకిందులైపోతుంది. ఇలాంటి జంటలు వచ్చే చోట చెవిని ఒక్కదాన్నే నమ్మకు, విషయాన్ని బట్టి సరిచూసుకో. ఏ నాళం బిగిస్తే ఏమవుతుందో బొమ్మ మీద వేలు పెట్టి ఆలోచిస్తే సార్ ఏది అన్నారో నీకే తేలిపోతుంది.

క్లాసులో వాక్యాలు రాయకు. బాణాలు రాయి. అఫరెంట్ బిగిస్తే లోపలికి రక్తం తక్కువ, గ్లామెరులస్‌లో ప్రెషర్ కిందికి, GFR కిందికి. ఇంతే, మూడు బాణాలు. GFR అంటే గ్లామెరులస్‌లలో నిమిషానికి ఎంత ద్రవం ఫిల్టరవుతుందో ఆ లెక్క. ఏదైనా వినపడకపోతే ఆ చోట ఖాళీ వదిలి ప్రశ్నార్థకం పెట్టి ముందుకి వెళ్లు, దానికోసం వెనక్కి చూస్తే తర్వాతిది కూడా పోతుంది. 'హౌఎవర్', 'ఇన్ కాంట్రాస్ట్', 'బట్ రిమెంబర్' అని వినపడిందంటే మాత్రం పెన్ను ఆపి విను, మలుపు అక్కడే ఉంటుంది, పరీక్షలో ప్రశ్న కూడా ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. ఆ ఖాళీలు అదే రోజు సాయంత్రం నింపాలి, రెండు రోజులు ఆగితే ఆ ప్రశ్నార్థకం ఎందుకు పెట్టావో నీకే గుర్తుండదు. సార్ ఒప్పుకుంటే రికార్డు చేసుకో, కానీ గంట పాఠం మళ్లీ గంటసేపు వినకు. ఖాళీ ఉన్న రెండు మూడు నిమిషాలే, స్పీడు కాస్త తగ్గించి విను.

ఇక పుస్తకం. ఇలాంటి వాక్యం ఒకటి వస్తుంది చూడు: 'ఆల్దో' అని మొదలై, ఎఫరెంట్ నాళం ఓ మాదిరిగా బిగిస్తే GFR పెరుగుతుందని చెప్పి, కామా పెట్టి, గట్టిగా బిగిస్తే అది తగ్గుతుందని, 'బికాజ్' అని కారణం చెబుతుంది. మొదటి సగం చదివి 'బిగిస్తే పెరుగుతుంది' అని అండర్‌లైన్ చేసి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. ఆల్దో కనపడగానే అసలు మాట కామా తర్వాత ఉందని గుర్తుపెట్టుకో. 'అది తగ్గుతుంది' అన్నప్పుడు ఆ 'ఇట్' ఏమిటో పెన్సిల్‌తో బాణం వేసి GFR దగ్గరికి కలుపు. దిస్, విచ్, ద లేటర్ ఎక్కడ కనపడినా ఇదే పని చెయ్యి. మొదట్లో విసుగ్గా ఉంటుంది, తర్వాత కన్నే ఆ పని చేసేస్తుంది.

ఆ తర్వాత పుస్తకం మూసి అదే విషయం నీకు నువ్వే తెలుగులో చెప్పుకో. గ్లామెరులస్‌లో రక్తం బయటికి నెట్టే ప్రెషర్ దాదాపు 60, దానికి ఎదురుగా, గ్లామెరులస్‌ని చుట్టి ఉండే బోమన్స్ క్యాప్సూల్‌లోది 18, రక్తంలోని ప్రొటీన్లు వెనక్కి లాగేది 32, ఇవన్నీ మిల్లీమీటర్ల మెర్క్యురీలో. మిగిలేది 10. బయటికి వెళ్లే దారి ఓ మాదిరిగా బిగిస్తే వెనక రక్తం ఒత్తుకుని ఆ 60 పెరుగుతుంది, ఫిల్టరయ్యేది కొంచెం పెరుగుతుంది. మరీ బిగిస్తే రక్త ప్రవాహమే బాగా పడిపోతుంది, ఉన్న కాస్త రక్తంలోంచి నీరు ఎక్కువ శాతం బయటికి పోయి ప్రొటీన్లు చిక్కబడతాయి, అప్పుడు ఆ 32 పెరిగి వెనక్కి లాగుతుంది, GFR తగ్గుతుంది. తెలుగులో ఇలా తడుముకోకుండా చెప్పగలిగితే నీకు అర్థమైనట్టే. ఎక్కడైనా 'అదేదో అవుతుంది' అని దాటేశావంటే ఆ వాక్యం దగ్గరికే మళ్లీ వెళ్లు.

కానీ అక్కడే ఆగిపోకు. తెలుగులో అర్థం చేసుకుని, పరీక్ష హాల్లో మొదటిసారి ఇంగ్లీషులోకి మార్చడానికి కూర్చునే పిల్లల పేపర్లు నాకు చూడగానే తెలిసిపోతాయి. విషయం ఉంటుంది, వాక్యం సగంలో విరిగిపోయి ఉంటుంది, టైమ్ చాలక చివరి ప్రశ్న ఖాళీ. అందుకని తెలుగులో చెప్పుకున్న వెంటనే ఇంగ్లీషులో నాలుగైదు చిన్న వాక్యాలు రాయి, ఒక్కో వాక్యంలో ఒక్కో కారణం. పక్కన బొమ్మ, పేర్లు, బాణాల వరస. దిద్దేవాళ్లు పొడుగు వాక్యాల కోసం చూడరు, కారణాలు వరసగా ఉన్నాయా లేదా చూస్తారు. ప్రశ్నలో ఎన్యూమరేట్ అంటే పేర్లు చాలు, ఎక్స్‌ప్లెయిన్ అంటే కారణం కావాలి, బిట్లలో ఎక్సెప్ట్ అని ఉంటే దాని చుట్టూ గుండ్రం చుట్టి గానీ ఆప్షన్లు చదవకు.

తెలుగు మీడియం వల్ల వెనకబడ్డానేమో అని టెన్షన్ పడుతున్నావు. నీకు తెలుగులో ఆలోచించడం స్పష్టంగా వచ్చు, దాన్ని వదిలేసి ఇంగ్లీషు పేరాలు బట్టీ పడితే నష్టం. వార్డులో పేషెంటుకి ఈ కిడ్నీ సంగతే నువ్వు తెలుగులో చెప్పాల్సి వస్తుంది.

అఫరెంట్, ఎఫరెంట్ మీద ఒక పేజీ జవాబు ఇంగ్లీషులో రాసి ఆదివారంలోపు ఫోటో తీసి పంపు. ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతాను, గ్రామర్ పట్టించుకోను, బాణాలు సరిగ్గా ఉన్నాయా అన్నదే చూస్తాను.

అమ్మ