మా బోరు నీటి నివేదికకు ఒక వెనుక పేజీ కావాలి

గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఒక గ్రామంలో భౌతిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిని. మా ఊరి ట్యాంకులోకి నీళ్లెక్కించే బోరుకు చేసిన పరీక్ష ఫలితం ఈ మధ్య వచ్చింది. ఒకే కాగితం, అంతా ఇంగ్లీషు. కింద ‘తాగడానికి పనికిరాదు’ అనే అర్థం వచ్చే ముద్ర. దాన్ని పంచాయతీ గోడకు అంటించారు. ఎందుకు పనికిరాదో, ఎవరికి పనికిరాదో, స్నానానికైనా వాడుకోవచ్చో లేదో ఒక్క మాట కూడా లేదు.

మరుసటి వారం మా వీధిలో సగం ఇళ్లలో నీళ్లు కాచడం మొదలైంది. ఎదురింటి అవ్వ కట్టెల పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి, నీళ్లు నాలుగో వంతు ఇగిరిపోయేదాకా మరిగించి, చల్లార్చి మనవడికి పోస్తోంది. గిన్నె అడుగున తెల్లటి పొర కట్టింది. దాన్ని గోటితో గీకి చూపించి, “విషమంతా ఇక్కడ దిగిపోయింది చూడు నాయనా” అంది. ఆ పొర నీటి కాఠిన్యంలోని సున్నం. ఆమె భయపడాల్సిన ఫ్లోరైడ్ మాత్రం దాదాపుగా గ్లాసులోనే ఉంది.

మా నివేదికలో ఫ్లోరైడ్ లీటరుకు 2.3 మిల్లీగ్రాములు. నాలుగు లీటర్లు మరిగించి మూడు లీటర్లు చేస్తే ఆ 9.2 మిల్లీగ్రాములూ మూడు లీటర్లలో ఇరుక్కుంటాయి. అంటే లీటరుకు మూడు దాటుతుంది. కాచితే చచ్చేవి క్రిములు. ఈ నమూనాలో ఈ-కోలి లేదని అదే కాగితంలో ఉంది. అవ్వ లేని జబ్బుకు మందు వేసి, ఉన్న జబ్బును పెంచుతోంది. తప్పు ఆమెది కాదు, ఆమె భాషలో ఒక్క వాక్యం రాయని ఆ కాగితానిది.

ఇక పరిమితుల సంగతి. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. అందులో పరిమితి రెండు గడుల్లో ఉంటుంది. మొదటిది ఆమోదించదగినది, ఫ్లోరైడ్‌కు 1.0. రెండోది 1.5, అయితే అది వేరే నీళ్లు దొరకని చోట మాత్రమే వర్తిస్తుంది. నివేదికలు తయారుచేసేవారు చాలాసార్లు రెండో గడినే అసలు పరిమితిగా తీసుకుంటారు. 1.4 వచ్చిన పక్క ఊరి బోరును ‘పరిమితిలోపు’ అని రాసేశారు. మా దగ్గర 1990ల మధ్యలో వచ్చిన సత్యసాయి తాగునీటి పథకం పైపులు ఆ ఊరి పొలిమేర వరకూ ఉన్నాయి. వేరే నీళ్లకు దారి ఉన్నప్పుడు ఆ 1.4 సరే అనడానికి వీల్లేదు. ఈ తేడా ఊరివాళ్లకు తెలిస్తే పైపు ఎందుకు కలపలేదని అడుగుతారు. అడగాలి కూడా.

మా ఫ్లోరైడ్ ఎవరో కలిపింది కాదు. మా కింద ఉన్నది నల్లరాయి, గ్రానైట్. అందులోని ఫ్లోరిన్ ఖనిజాలను లోతు నీళ్లు ఏళ్ల తరబడి నానబెట్టి కరిగించుకుంటాయి. వానలు తక్కువ, బోర్లు లోతు, కాబట్టి నీరు రాయి పక్కనే ఎక్కువ కాలం కూర్చుంటుంది. దీనివల్ల మొదట దెబ్బతినేది చిన్నపిల్లల పళ్లు. చిగుళ్ల లోపల శాశ్వత దంతాలు తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు తాగిన నీరే పంటి మీద మచ్చగా మిగులుతుంది. నా ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి నవ్వేటప్పుడు అరచేయి అడ్డం పెట్టుకుంటుంది. ఆ గోధుమ గీతలు ఇప్పుడు మంచి నీళ్లిచ్చినా పోవు. పెద్దవాళ్లకు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, ఎముకలు పట్టేస్తాయి. చర్మం నుంచి ఫ్లోరైడ్ లోపలికి పోదు కాబట్టి స్నానానికి, బట్టలకు, పశువుల కొట్టం కడగడానికి ఈ నీరు నిక్షేపంగా వాడుకోవచ్చు. వంటకు మాత్రం కాదు. చాలా ఇళ్లలో తాగడానికి క్యాను నీళ్లు కొని, సంగటి, పప్పు బోరు నీళ్లతోనే వండుతున్నారు. ఎసట్లో పోసిన నీళ్లలోని ఫ్లోరైడ్ సంగటి ముద్దలోకే చేరుతుంది.

క్యాను అమ్మేవాళ్లు పెన్నులాంటి మీటరు ముంచి, నీటిలో కరిగిన లవణాల అంకె చూపిస్తారు. మా బోరుకు అది 1180. మొదటి గడి 500 దాటింది, రెండో గడి 2000 లోపే ఉంది. నీళ్లు ఉప్పగా అనిపించేది అందుకే. కానీ ఆ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపలేదు. వేయికి పైగా ఉన్న లవణాల మధ్య రెండు మిల్లీగ్రాములు దానికి కనబడవు.

అసలు నన్ను నిద్రపోనివ్వనిది నైట్రేట్ గడి. అక్కడ 17 అని ఉంది, పక్కన పరిమితి 45, ఎదురుగా ‘లోపు’ అని ఉంది. అంకె వెనుక చిన్న అక్షరాల్లో ‘నైట్రోజన్‌గా’ అనే అర్థంలో ఒక గుర్తు ఉంది. 45 అనేది మొత్తం నైట్రేట్‌కు పెట్టిన పరిమితి. ప్రయోగశాల తూచింది అందులోని నైట్రోజన్‌ను మాత్రమే. నైట్రేట్ 62 పాళ్లలో నైట్రోజన్ 14 పాళ్లు. అంటే 17ను 4.43తో గుణించాలి. వచ్చేది 75. పరిమితిలోపు కాదు, ఒకటిన్నర రెట్లకు మించి ఉంది. పైగా నైట్రేట్‌కు రెండో గడి లేదు, సడలింపే లేదు.

ఆ సాయంత్రమే పై వీధిలోని ఒక ఇంటికి పరుగెత్తాను. పుట్టింటికి పురుడు పోసుకోవడానికి వచ్చిన అమ్మాయి, మూడు నెలల బిడ్డకు డబ్బా పాలు కలుపుతోంది. కాచి చల్లార్చిన బోరు నీళ్లతోనే. ఆరు నెలల లోపు బిడ్డల్లో ఇంత నైట్రేట్, రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గించగలదు, పెదవులు, గోళ్లు నీలంగా మారవచ్చు. కాచితే నైట్రేట్ కూడా చిక్కబడుతుందే తప్ప పోదు. బిడ్డ బాగానే ఉంది. నీళ్లు మార్పించాను. ఇంకా ఎన్ని ఊళ్లలో ఆ 17ను 45 పక్కన పెట్టి ‘లోపు’ అని రాశారో!

ఫ్లోరైడ్‌లా ఈ నైట్రేట్ రాయిలోంచి రాలేదు. మా బోరుకు ఇరవై అడుగుల దూరంలో పేడ దిబ్బ, దాని వెనుక మూడు మరుగుదొడ్ల గుంతలు ఉన్నాయి. పైనుంచి కిందికి దారి ఉందని నైట్రేట్ చెబుతోంది. ఈ నమూనా ఎండాకాలంలో తీసింది, బహుశా అందుకే క్రిములు కనబడలేదు. తొలకరి తర్వాత మళ్లీ చూడకుండా ధైర్యంగా ఉండలేం.

మంత్రి గారూ, అడిగేది కొత్త యంత్రాలు కాదు. ప్రతి నివేదిక వెనుక తెలుగులో ఒక పేజీ ముద్రించండి. పరిమితి దాటిన ప్రతిదానికీ, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి హాని, కాచితే పోతుందా, తాగడం, వంట, స్నానంలో దేనికి వాడవచ్చు అని రాయండి. నైట్రేట్‌ను అన్ని ప్రయోగశాలలూ నైట్రేట్‌గానే రాయాలని ఆదేశించండి. రెండో గడి నెత్తిన ‘వేరే నీళ్లు లేనప్పుడు మాత్రమే’ అని పెట్టించండి. ఆ పేజీని గ్రామసభలో, నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్చుకున్న మన మహిళల చేతే చదివించండి.

మా బోరు నివేదిక నకలును జత చేశాను, నైట్రేట్ గడిని ఎర్ర సిరాతో చుట్టాను. దిబ్బను జరిపించడానికి సర్పంచి ఒప్పుకున్నారు. వానలు పడ్డాక రెండో నమూనా పంపుతాం. దాని ఫలితమైనా వెనుక పేజీతో రావాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా