రెండు గడుల పట్టికని విమర్శనాత్మక వ్యాసం అంటారా?

సంపాదకులు గారికి,

అయ్యా, పోయిన వారం మీ చదువు పేజీలో బి.ఎడ్. విద్యార్థులకీ డీఎస్సీ అభ్యర్థులకీ పనికొస్తుందంటూ ‘ప్రవర్తనావాదం, నిర్మాణాత్మకవాదం: విమర్శనాత్మక వ్యాసం’ అని ఒక నమూనా జవాబు వేశారు. మెచ్చుకోలు, అభ్యాసాలతో ప్రవర్తనని మలచడమే నేర్పడమంటుంది మొదటి వాదం; అప్పటికే తెలిసినదాని మీద పిల్లవాడే అర్థాన్ని కట్టుకుంటాడంటుంది రెండోది. చదివిన రోజే రాద్దామనుకున్నాను గానీ, ఎవరు పట్టించుకుంటార్లే అని ఊరుకున్నాను. ఈలోగా మా విజయనగరంలో కాంప్లెక్స్ దగ్గర జిరాక్సు షాపులో అదే పేజీని కట్టలు కట్టి అమ్ముతున్నారు. ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు. చాలా ఏళ్ళు బి.ఎడ్. కాలేజీలో పాఠాలు చెప్పి, ఈ ప్రశ్నకే వందల జవాబులు దిద్దినవాణ్ణి.

మీరు వేసింది వ్యాసం కాదు, పట్టిక. ఎడమ గడిలో ప్రవర్తనావాదం: ఉపాధ్యాయ కేంద్రితం, బట్టీ, బెత్తం. కుడి గడిలో నిర్మాణాత్మకవాదం: శిశు కేంద్రితం, కృత్యాలు, ఆనందం. కింద ‘2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం రెండోదాన్ని సమర్థించింది కాబట్టి అదే మేలు’ అని తీర్పు. ప్రభుత్వం మెచ్చిందే గొప్ప సిద్ధాంతం అన్నమాట! విమర్శ ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

ముందు ఆ బెత్తం సంగతి. ప్రవర్తనావాదానికి పెద్దదిక్కైన స్కిన్నర్ జీవితమంతా శిక్షకి వ్యతిరేకంగానే రాశాడు. 1953లో ఆయన తన కూతురు చదివే నాలుగో తరగతిలో కూర్చుని లెక్కల పీరియడ్ చూశాడు. పిల్లలు చేసిన లెక్క ఒప్పో తప్పో అప్పటికప్పుడు తెలియడం లేదు. వచ్చినవాడూ రానివాడూ ఒకే వేగంతో నడవాల్సి వస్తోంది. ఆ రెండూ చూసి విసిగిపోయే బోధనా యంత్రాల ఆలోచనలో పడ్డాడు, 1954లో వ్యాసం రాశాడు. మరి మన బళ్ళలో స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్ది ఇచ్చేసరికి పిల్లలు ఆ పాఠమే మర్చిపోతారు. అంటే మన దగ్గర నడుస్తున్నది ప్రవర్తనావాదం కూడా కాదు. దానికి పేరు వేరే ఏదైనా పెట్టుకోండి, స్కిన్నర్ నెత్తిన మాత్రం రుద్దకండి.

విమర్శనాత్మకంగా పోల్చడమంటే రెండు సిద్ధాంతాలనీ ఒకే పిల్లవాడి నోట్‌బుక్ ముందు కూర్చోబెట్టడం. టీచింగ్ ప్రాక్టీస్ చూడ్డానికి గజపతినగరం వైపు ఒక బడికి వెళ్ళినప్పుడు, ఒక పిల్లాడి నోట్‌బుక్‌లో 1/2 + 1/3 = 2/5 అని కనబడింది. మా ట్రైనీ అమ్మాయి ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి, కింద సరైన జవాబు 5/6 అని రాసి, అలాంటివే ఇంకో పది లెక్కలు ఇచ్చింది. వాడు ఆ పదీ అదే పద్ధతిలో చేశాడు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేశాడు. ఎలా చేశావురా అని అడిగితే ఏమన్నాడో చూడండి: “రెండు మార్కుల దాన్లో ఒకటొచ్చింది, మూడు మార్కుల దాన్లో ఒకటొచ్చింది. మొత్తం ఐదుకి రెండు కాదేటి మాస్టారూ?”

మార్కుల విషయంలో వాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. వాడు తెలియక చేసిన తప్పు కాదది, తెలిసినదాన్ని పనికిరాని చోట వాడటం. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే చెప్పిన సాంశీకరణం ఇదే. కొత్త విషయాన్ని పాత చట్రంలోకి లాక్కోవడం. ఆ చట్రం మారాలంటే వాడి జవాబు వాడికే పొసగకుండా పోవాలి. అందుకని ఒక అట్టు బొమ్మ గీసి, “సగం తిన్నాక, అలాంటి ఇంకో అట్టులో మూడో వంతు కూడా తిన్నావు. ఇప్పుడు సగం కంటే ఎక్కువ తిన్నావా, తక్కువ తిన్నావా?” అని అడిగాను. ఎక్కువే అన్నాడు. “మరి ఐదింట రెండు వంతులు సగం కంటే ఎక్కువా?” అంటే, గీసి చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఇదీ నిర్మాణాత్మకవాదం అంటే. పిల్లల చేత చార్టులు అతికించడం, అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి ఫొటో తీసి గ్రూపులో పెట్టడం కాదు.

అలాగని ప్రవర్తనావాదం ఓడిపోయిందని రాసెయ్యకూడదు. అట్టు బొమ్మతో తన తప్పు తెలుసుకున్న పిల్లాడు 5/6కి చేరాలంటే రెండో ఎక్కంలోనూ మూడో ఎక్కంలోనూ ఆరు వస్తుందని తడుముకోకుండా తెలియాలి. ఆ చురుకు చర్చల వల్ల రాదు, అభ్యాసం వల్లే వస్తుంది. చేసిన వెంటనే ఒప్పు తప్పు తెలిస్తే త్వరగా వస్తుంది. కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో రాసిన వ్యాసం ఇక్కడ ఉదహరించాలి. మార్గదర్శనం లేకుండా నువ్వే కనుక్కో అని వదిలేస్తే కొత్తగా నేర్చుకునేవాడి పనిజ్ఞాపకం మీద, అంటే అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకునే శక్తి మీద, మోయలేని బరువు పడుతుందని వాళ్ళ వాదన. దానికి జవాబుగా 2007లో మెలో-సిల్వర్, డంకన్, చిన్ రాసినదీ పక్కనే పెట్టాలి. సమస్య ఇచ్చి నేర్పడమంటే గాలికి వదిలెయ్యడం కాదనీ, అందులో ఊతం చాలానే ఉంటుందనీ వాళ్ళంటారు. ఈ రెండింటి మధ్య మీరెటు, ఎందుకు అని విద్యార్థి చెప్పినప్పుడే అది విమర్శ అవుతుంది.

ఈ ప్రశ్నకి మా విద్యార్థుల చేత నేను తప్పనిసరిగా చదివించిన కేసు ఒకటుంది. మీ నమూనాలో దాని ఊసే లేదు. 1973లో ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు ప్రచురించిన బెన్నీ కథ. అమెరికాలో పన్నెండేళ్ళ పిల్లాడు, ఆరో తరగతి. ఆ బడిలో లెక్కలు ఐపీఐ అనే పద్ధతిలో నేర్పేవారు. పాఠాన్ని చిన్న చిన్న లక్ష్యాలుగా విడగొట్టడం, ఎవరి వేగంలో వాళ్ళు కార్డులు చేసుకుపోవడం, కీ చూసి దిద్దడం, 80 శాతం వస్తే తర్వాత మెట్టు ఎక్కించడం. ఎడమ గడివాళ్ళు కోరుకున్నదంతా అందులో ఉంది. బెన్నీ తరగతిలో మంచి విద్యార్థుల్లో ఒకడనే పేరు తెచ్చుకున్నాడు. ఎర్ల్‌వాంగర్ కూర్చుని మాట్లాడితే బయటపడిందేమిటంటే, 2/10ని దశాంశంగా రాయమంటే వాడు 1.2 అంటాడు. పైదీ కిందదీ కూడితే పన్నెండు, మధ్యలో చుక్క పెట్టేశాడు. అదే లెక్కన 4/11 అన్నా 1.5, 11/4 అన్నా 1.5. రెండూ ఒకటెలా అవుతాయన్న అనుమానం కూడా రాలేదు. 0.3, 0.4 కూడితే 0.07 అన్నాడు. లెక్కలంటే ఎవరో ఎప్పుడో కనిపెట్టిన రూల్స్ అనీ, కీలో ఉన్నది పట్టుకోవడమే పని అనీ వాడి నమ్మకం.

దీన్ని ఉదహరించి, ‘కాబట్టి ప్రవర్తనావాదం తప్పు’ అని ముగించే విద్యార్థికి నేను సగం మార్కులే వేసేవాణ్ణి. స్కిన్నర్ పక్షం వాడు ఏమంటాడో కూడా రాయాలి కదా! కార్యక్రమం సరిగ్గా తయారు చెయ్యలేదు, 80 శాతంతో దాటించి తప్పు ప్రతిస్పందనలకి కూడా పునర్బలనం, అంటే మళ్ళీ అదే చేసేలా ప్రోత్సాహం, ఇచ్చారు అంటాడు. అందులో నిజముంది. అయితే వాడి దగ్గర జవాబు లేని ప్రశ్న ఒకటి మిగులుతుంది. కాగితం మీదికి వచ్చిన జవాబుని మాత్రమే చూసే పద్ధతికి, దాని వెనకున్న రూల్ ఎలా కనబడుతుంది? ఒప్పు జవాబు వచ్చిన చోట కూడా లోపల తప్పు రూలే నడుస్తుండవచ్చు. ఇక్కడ నేను నిర్మాణాత్మకవాదం వైపు మొగ్గుతాను, ఎక్కాల దగ్గర ప్రవర్తనావాదం వైపు. తరగతి గదిలో చెయ్యాల్సినదీ దీన్నుంచే వస్తుంది. తప్పు వచ్చిన చోటే కాదు, ఒప్పు వచ్చిన చోట కూడా అప్పుడప్పుడూ ‘ఎలా చేశావు’ అని అడగాలి. రూల్ సరిగ్గా ఉందని తేలాకే అభ్యాసం ఇవ్వాలి. ముందే ఇస్తే తప్పు రూల్ గట్టిపడుతుంది. మా ట్రైనీ ఇచ్చిన పది లెక్కలు చేసిందదే. మీ నమూనాలో ఉన్న ‘ఆహ్లాదకర వాతావరణం కల్పించాలి’ వంటి ఎనిమిది పాయింట్లు పెళ్ళి హాలు ప్రకటనకైనా సరిపోతాయి.

ఇక ఉటంకింపులు. ప్రతి వాక్యం చివరా ఒక పేరూ సంవత్సరమూ తగిలించారు, ముచ్చటగానే ఉంది. పిల్లల్ని మెచ్చుకుంటే బాగా చదువుతారన్న వాక్యానికి ‘స్కిన్నర్, 1938’ అని పెట్టారు. ఆ పుస్తకం ఎలుకలూ మీటలూ గురించి. తరగతి గది మాట కావాలంటే 1954 వ్యాసమో, 1968 పుస్తకమో చూపాలి. ‘వైగోట్‌స్కీ 1978లో స్కఫోల్డింగ్ భావనను ప్రవేశపెట్టాడు’ అని మరో ముత్యం. పిల్లవాడికి కావలసినంత ఊతమిచ్చి, వచ్చాక మెల్లగా తీసెయ్యడమే స్కఫోల్డింగ్. వైగోట్‌స్కీ 1934లోనే పోయాడు. 1978 అన్నది ఆయన రచనల్ని కూర్చి ఇంగ్లిష్‌లో వేసిన పుస్తకం తేదీ. అందులో సామీప్య వికాస మండలం, అంటే పిల్లవాడు ఒంటరిగా చెయ్యలేక తోడుంటే చెయ్యగలిగే మేర, ఉంది గానీ, స్కఫోల్డింగ్ అన్న మాట ఆయనది కాదు. అది 1976లో వుడ్, బ్రూనర్, రాస్ రాసిన వ్యాసంలోది. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల చేత చెక్క దిమ్మలతో పిరమిడ్ కట్టిస్తూ, పెద్దవాళ్ళు ఎక్కడ చెయ్యి అందించాలి, ఎక్కడ తియ్యాలి అని గమనించారు. చనిపోయిన నలభై నాలుగేళ్ళకి సిద్ధాంతం ప్రవేశపెట్టిన మహానుభావుణ్ణి రేపు డీఎస్సీ రాసేవాళ్ళు కూడా అలాగే నమ్ముతారు. మీ పేజీలో అచ్చయింది మరి.

తప్పంతా మీదే అనను. బి.ఎడ్. అసైన్‌మెంట్లు షాపుల్లో రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి, పేరూ రోల్ నంబరూ రాసుకుంటే చాలు. కొన్ని కాలేజీల్లో హాజరు కూడా కొనుక్కోవచ్చని ఊరంతా తెలుసు, తనిఖీకి వచ్చేవాళ్ళకి తప్ప. నిర్మాణాత్మకవాదాన్ని నోట్సు చెప్పి రాయించి బట్టీ పట్టిస్తారు. ఆ బట్టీతో ఉద్యోగం వచ్చిన మాస్టారు బడికెళ్తే యాప్‌లో ఫొటోలు ఎక్కించడానికే పొద్దు చాలదు, ‘ఎలా చేశావురా’ అని అడిగే తీరిక ఎక్కడిది? మన ఉత్తరాంధ్ర గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని ముందు తాను సవర నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు. పిల్లవాడికి అప్పటికే ఏం తెలుసో అక్కణ్ణుంచి మొదలుపెట్టాలని ఆయనకి ఏ కమిటీ చెప్పలేదు.

ప్రశ్నపత్రాలు తయారు చేసేవారికి నాదొక్క మనవి. ‘రెండు వాదాలను పోల్చుము’ అన్న ప్రశ్న ఇక ఆపండి. తప్పులున్న ఒక పిల్లవాడి నోట్‌బుక్ పేజీ అచ్చువేసి ఇచ్చి, దీన్ని రెండు వాదాలూ ఎలా వివరిస్తాయి, రేపటి పీరియడ్‌లో మీరేం చేస్తారు, ఎవరి ఆధారంతో అని అడగండి. జిరాక్సు షాపువాళ్ళు ఒక్క ఏడాదైనా ఇబ్బంది పడతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత బి.ఎడ్. అధ్యాపకుడు,
విజయనగరం